గేటు దగ్గర గుడ్ మార్నింగ్

మర్యాద కాన్సెప్ట్ స్కూలు కరస్పాండెంటు గారు విజయవాడలో ఏదో హోటల్లో రెండు రోజుల సదస్సుకు వెళ్లి, పిల్లలకు పలకరించడం రావడం లేదన్న సంగతి తెలుసుకుని వచ్చారు. అంతకుముందు ఆ సంగతి ఆయనకే కాదు, ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిశాక ఊరుకోవడం పద్ధతి కాదు కనుక, ఆ సోమవారమే ప్రతి పిల్ల డైరీలోనూ ఒక గులాబీరంగు కాగితం అంటించి పంపారు.

కుందన డైరీలోని ఆ కాగితాన్ని ఇందుమతి వంటింటి గట్టు దగ్గర నిలబడి రెండుసార్లు చదివింది. కుందనకు నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. ఇందుమతి బియ్యే తెలుగు సాహిత్యం చదివింది కాబట్టి ఏ కాగితమైనా ఆఖరి గీత దాకా చదివే అలవాటు పోలేదు. 'తొలి వందన పథకం' అని పైన పెద్దక్షరాలు. వచ్చే వారం బుధవారం నుంచి ప్రతి విద్యార్థీ ఉదయం గేటు దగ్గర నిలబడి ఉండే ప్రధానోపాధ్యాయుల వారికి విడివిడిగా గుడ్ మార్నింగ్ చెప్పాలి. దానికి యాభై మార్కులు. దూరానికి పది, చూపుకు పది, స్వరానికి పది, 'సార్' అన్నందుకు పది, చెప్పిన వెంటనే అక్కణ్ణుంచి కదిలినందుకు పది. ఈ చివరి దానికి 'నిష్క్రమణ' అని పేరు. నిష్క్రమణలో సున్నా వస్తే మిగతావి ఎన్ని వచ్చినా తప్పినట్టే. తప్పిన పిల్లలు మళ్లీ అదే తరగతిలో చదవాలి.

ఏడో నిబంధన చిన్న అక్షరాల్లో ఉంది. ప్రధానోపాధ్యాయుల వారు తిరిగి గుడ్ మార్నింగ్ చెప్పరు. బడిలో నాలుగు వందల పన్నెండు మంది పిల్లలున్నారు. ఒక్కొక్కరికి మూడు సెకన్లు చొప్పున జవాబిస్తూ పోతే ఇరవై నిమిషాల ముప్పై ఆరు సెకన్ల పరిపాలనా సమయం వృథా అవుతుంది. ఆ లెక్క తప్పులేదు. ఇందుమతి పోపు గింజల డబ్బా పక్కన పెట్టి మరీ చేసి చూసింది.

హెడ్మాస్టరు దక్షిణామూర్తి గారి గురించి ఊళ్లో కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. తెల్ల చొక్కా, జేబులో కొట్టివేతకు ఒక ఎర్ర పెన్ను, సంతకానికి ఒక ఆకుపచ్చ పెన్ను. ఆయన నవ్వగా చూశామన్నవాళ్లెవరూ లేరు. ఆయన వరండాలో నడుస్తుంటే గదుల్లో చప్పుడు ఆయన కంటే ముందే ఆగిపోయేది. ఆయనకు ఈ పథకం కొత్తగా ఏమీ అనిపించి ఉండదు. ఇన్నాళ్లూ ఊరికే చేస్తున్న పనికి ఇప్పుడు ఒక పేరొచ్చింది, అంతే.

కుందనకు మాత్రం అంతా కొత్తే. క్లాసులో గుడ్ మార్నింగ్ చెప్పడం దానికి వచ్చు. ముప్పై మందితో కలిసి లేచి నిలబడి, "గూ...డ్ మా...ర్నింగ్ టీ...చర్" అని రాగం తీసేది. కానీ రాగం పక్కన పెట్టి ఒక్కతే చెప్పమంటే నోరు పెగలదు. అది పాటలో భాగం. పాటలోంచి ఒక్క ముక్క విరిచి చేతికిస్తే దాన్నేం చేయాలో దానికి తెలియదు.

మొదట ఇందుమతి కూడా అందరు తల్లులూ చేసేదే చేసింది. మెట్లమీద పక్కింటి రాజ్యలక్ష్మి గారు ఎదురైతే పిల్లను ముందుకు తోసి, చెప్పు, ఆంటీకి గుడ్ మార్నింగ్ చెప్పు, అంది. కుందన వెళ్లి అమ్మ కొంగులో దూరింది. మళ్లీ చెప్పమంటే కొంగు నోట్లో పెట్టుకుంది. మూడోసారికి ఏడుపు. మర్నాడు ఇంకో చిత్రం జరిగింది. రాజ్యలక్ష్మి గారే ముందుగా "గుడ్ మార్నింగ్ కుందనా" అన్నారు. పిల్ల ఆమె వంక చూసి, విన్నది విన్నట్టే, "గుడ్ మార్నింగ్ కుందనా" అని అప్పజెప్పింది. రాజ్యలక్ష్మి గారు నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకున్నారు. ఇందుమతి నవ్వలేదు. ఆలోచించింది. పిల్లకు మాట వచ్చు. అది ఎవరి వైపు నుంచి ఎవరి వైపుకు పోవాలో తెలియదు.

అప్పుడు ఆమె చెప్పు, చెప్పు అనడం మానేసింది. రోజూ పొద్దున్న బడికి తీసుకెళ్లేటప్పుడు వీధి మలుపులో అప్పలస్వామి ఇస్త్రీ బండి దగ్గర ఆగి, తనే "గుడ్ మార్నింగ్ అప్పలస్వామి గారూ" అనేది. అతను బొగ్గుల పెట్టె పక్కన నిలబెట్టి, "గుడ్ మార్నింగండి అమ్మగారూ" అనేవాడు. అంతే. పిల్ల వంక చూసేది కూడా కాదు. కుందన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. రెండు రోజులు చూసింది. మూడో రోజు గొంతులోనే ఏదో అంది. అప్పలస్వామి ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, వంగి, పెద్దవాళ్లకు చెప్పినట్టే గంభీరంగా, "గుడ్ మార్నింగండి కుందన గారూ" అన్నాడు. బడి దాకా పిల్ల బుగ్గలు లోపల్నుంచి వెలిగినట్టున్నాయి.

ఆరో రోజుకు వచ్చేసింది. ఇందుమతి కాస్త వెనక నిలబడి జాగ్రత్తగా గమనించింది. పిల్ల ముందు అతన్ని చూస్తుంది. అతను తలెత్తి తనని చూసేదాకా ఆగుతుంది. చూశాకే చెబుతుంది. చెప్పి మళ్లీ ఆగుతుంది. అతను జవాబు చెప్పాక, అందులో తన పేరు వినపడ్డాక, అప్పుడు వెనక్కి తిరుగుతుంది. నీళ్ల గ్లాసు అందించినప్పుడు అవతలి చెయ్యి పట్టుకునేదాకా మనం వదలం కదా, అలా. ఇంతా కలిపి అయిదు ముక్కలు. ఎవరూ విడదీసి నేర్పలేదు. నేర్పబోతే రాలేదు కూడా.

ఇంక భయం లేదని ఇందుమతి ఆ బుధవారం కుందనను గేటు దగ్గర లైనులో నిలబెట్టింది.

నేలమీద ముగ్గు పిండితో గీసిన గీత. గీతకు అవతల మూడడుగుల దూరంలో దక్షిణామూర్తి గారు. ఆయన పక్కన మర్యాదల సమన్వయకర్త ఫణీంద్ర గారు, మెడలో స్టాప్‌వాచీ, చేతిలో అట్ట. ఈ పథకం కోసమే ఆయన్ని కొత్తగా తీసుకున్నారు. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి, గీతమీద కాళ్లు కలిపి, అరిచి, పరిగెత్తుతున్నారు. సగం మంది ఆయన బెల్టుకు చెబుతున్నారు. కానీ పరుగు బాగుంది. నిష్క్రమణలో పదికి పది పడుతున్నాయి.

కుందన గీత దగ్గర ఆగింది. తలెత్తి చూసింది. హెడ్మాస్టరు గారి చూపు ఎక్కడో కొబ్బరి మట్టల మీద ఉంది. అది కిందికి దిగేదాకా పిల్ల ఆగింది. ఇదేమిటి, ఇంకా అరవలేదేమని ఆయన కిందికి చూశారు. అప్పుడు స్పష్టంగా, "గుడ్ మార్నింగ్ సార్" అంది. ఇందుమతికి ఊపిరొచ్చింది.

పిల్ల కదల్లేదు.

వినపడలేదేమో అనుకుని కాస్త గట్టిగా మళ్లీ చెప్పింది. ఆయన చూపు తిరిగి కొబ్బరి మట్టల మీదికి వెళ్లిపోయింది. వేరే ఎవరికో చెబుతోందనుకుంటున్నారేమోనని, ఈసారి ముందు పిలిచి, "సార్, గుడ్ మార్నింగ్ సార్" అంది. వెనక లైను తోసుకుంటోంది. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. నాలుగోసారికి ఒక అడుగు దగ్గరికి వేసి చెప్పింది. దాంతో దూరానికిచ్చిన మార్కులు కూడా పోయాయి. ప్రార్థన గంట కొట్టేసరికి గేటు బయట నూట ముప్పై మంది పిల్లలుండిపోయారు. ఆయా సత్తెమ్మ వచ్చి కుందనను చంకనెత్తుకుని లోపలికి తీసుకుపోయింది. పిల్ల ఆమె భుజం మీదుగా ఇంకా వెనక్కే చూస్తోంది.

మర్నాడు ఇందుమతికి పిలుపొచ్చింది. హెడ్మాస్టరు గారు కుర్చీలో ఉన్నారు. మాట్లాడింది ఫణీంద్ర గారు.

"చూడండమ్మా, వందనం అనేది ఏకముఖ ప్రక్రియ," అన్నారాయన. "కింది నుంచి పైకి సమర్పించబడుతుంది. సమర్పించిన క్షణానే పూర్తవుతుంది. మీ అమ్మాయి పూర్తయిన ప్రక్రియను పూర్తి కానట్టుగా పరిగణిస్తోంది. ఇది అవగాహనా లోపం."

ఇందుమతి నెమ్మదిగా, ఇంట్లోనూ వీధిలోనూ ఎవరికి చెప్పినా తిరిగి చెబుతారనీ, పిల్ల అలాగే నేర్చుకుందనీ చెప్పింది. పోనీ మాస్టారు ఒక్కసారి తల ఊపితే చాలేమో అంది. ఫణీంద్ర గారు దాన్ని కూడా పరిశీలించారట. ఒకరికి ఊపితే నాలుగు వందల పన్నెండు మందికీ ఊపాలి, ఏడాదికి రెండు వందల ఇరవై పనిదినాలు, అంటే తొంభై వేలకు పైచిలుకు తల ఊపులు. పదవీ విరమణకు చేరువలో ఉన్న అధికారి మెడను అంత ప్రమాదానికి గురిచేయడం సంస్థకు శ్రేయస్కరం కాదు. ఈ మాట అన్నప్పుడు దక్షిణామూర్తి గారు అనుకోకుండా మెడ తడుముకున్నారు.

తేలిందేమిటంటే, జవాబు కోసం ఆగే దురలవాటును తల్లిదండ్రులే ఇంటి దగ్గర మాన్పించాలి. నెలాఖరున తుది మదింపు. అప్పటిదాకా పిల్లను లైనులో పెట్టకుండా వెనక గేటు నుంచి పంపాలి.

ఇందుమతికి అది నచ్చలేదు. కానీ బుద్ధిగా చదువుకునే పిల్ల ఇంకో ఏడాది ఎల్‌కేజీలో కూర్చోవడం అంతకన్నా నచ్చలేదు. భర్త శ్రీహరితో చెప్పింది. ఆయన ఎల్‌ఐసీ ఆఫీసులో పనిచేస్తాడు, నిబంధన అంటే గౌరవం. ఇదెంతసేపు, వారం రోజులు దాని వంక చూడకపోతే సరి, అన్నాడు.

మొదటిరోజు పొద్దున్న కుందన మంచం దిగి వచ్చి నాన్నకు గుడ్ మార్నింగ్ చెప్పింది. శ్రీహరి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పిల్ల మళ్లీ చెప్పి, పేపరు అంచు పట్టుకుని కిందికి లాగి మొహం చూసింది. నాన్నే. మళ్లీ చెప్పింది. ఆయన పేపరు పైకెత్తుకున్నాడు. రెండోరోజు ఒక్కసారే చెప్పింది, చెప్పి కాసేపు నిలబడింది. మూడోరోజు నిలబడలేదు. నాలుగోరోజు ఫ్రిజ్ పక్కనుంచి వెళుతూ, దాని వంక కూడా చూడకుండా "గుడ్ మార్నింగ్ సార్" అనేసి, దొడ్డి వైపు వెళ్లిపోయింది. శ్రీహరి వాచీ చూసుకుని, "రెండు సెకన్లు. వచ్చేసిందోయ్" అన్నాడు.

ఆరోజే బడికి వెళుతుంటే అప్పలస్వామి పిల్లను చూసి, తనే ముందుగా గుడ్ మార్నింగండి అన్నాడు. కుందన వినపడనట్టు ముందుకు నడిచిపోయింది. అలగలేదు, సిగ్గుపడలేదు. బండి పక్కనుంచి, అక్కడ బండే లేనట్టు, వెళ్లిపోయింది. అప్పలస్వామి ఇస్త్రీ పెట్టె ఇంకా గాల్లోనే ఉంది. "ఏంటమ్మా, పాపగారికి నా మీద కోపం వచ్చిందాండి?" అని అడిగాడు.

ఇందుమతి పిల్ల వెనకాలే నడిచింది. ఇంటికొచ్చి చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరింది. బియ్యంలో రాళ్లు లేవు. సాయంత్రం శ్రీహరి రాగానే, రేపటి నుంచి పిల్ల ఎన్నిసార్లు పలకరిస్తే అన్నిసార్లు పలకాలి, నా పిల్లకు ఫ్రిజ్జుకీ మనిషికీ తేడా తెలియాలి, అని చెప్పింది. మార్కుల సంగతేమిటని ఆయన అడిగితే, చూద్దాం, అంది. పాత అలవాటు తిరిగి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. పోవడానికి నాలుగు రోజులే.

ఈలోగా బడిలో ఒక విశేషం జరిగింది. దక్షిణామూర్తి గారు పన్ను తీయించుకోవడానికి మూడు రోజులు సెలవు పెట్టారు. పథకం ఆగకూడదు. ఫణీంద్ర గారు ఆలోచించి, స్వీకర్త ఎటూ మాట్లాడరు, కదలరు, చూడనవసరం కూడా లేదు, కాబట్టి స్వీకర్త స్వయంగా హాజరు కావలసిన అగత్యం నిబంధనల్లో ఎక్కడా లేదని కనిపెట్టారు. ఫ్లెక్సీల షాపులో హెడ్మాస్టరు గారి నిలువెత్తు కటౌటు చేయించి, వెదురు కర్రలతో గేటు దగ్గర నిలబెట్టారు. ఏడడుగులు. అసలు ఆయన అయిదడుగుల నాలుగంగుళాలు.

ఫలితాలు అందరినీ ఆశ్చర్యపరిచాయి. స్వరంలో సగటు రెండు మార్కులు పెరిగింది. చూపులో నాలుగు. కటౌటు కొబ్బరి మట్టల వంక చూడదు. కరస్పాండెంటు గారు సంతోషించి, ప్రమాణాల్లో ఏకరూపత కోసం దీన్నే శాశ్వతంగా ఉంచాలని, 'గేటు వద్ద ప్రతిష్ఠించిన అధికారిక రూపమే వందన స్వీకర్త' అని ఒక సవరణ తయారు చేయించారు. పన్ను తీయించుకుని వచ్చిన దక్షిణామూర్తి గారు నోట్లో దూది ఉండగానే దాని మీద సంతకం చేశారు. ఇరవై ఆరేళ్లలో ఏ కాగితం మీదా చేయనన్నవారు కాదు.

మర్నాడు అలవాటు కొద్దీ ఆయన గేటు దగ్గరికి వచ్చారు. కటౌటు పక్కన నిలబడ్డారు. పిల్లలు గీతమీదికి రావడం, కటౌటుకు అరవడం, పరిగెత్తడం. ఎవరూ ఆయన వంక చూడలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు. యూకేజీ కుర్రాడొకడు మర్యాదగానే, "కొంచెం జరగండి సార్, సార్ కనపడట్లేదు" అన్నాడు. ఆయన జరిగారు. ఆ మర్నాడు ఇంకాస్త జరిగారు. వారానికల్లా మంచినీళ్ల డ్రమ్ము పక్కకు చేరారు. ఇవన్నీ ఇందుమతికి సత్తెమ్మ చెప్పింది. ఇప్పుడాయన వరండాలో నడుస్తున్నా గదుల్లో చప్పుడు ఆగడం లేదట.

తుది మదింపు నాడు తల్లులు గేటు బయట తాడు వెనక నిలబడాలి, పెదవులు కదపకూడదు. కుందన వంతు వచ్చింది. గీత దగ్గర ఆగి కటౌటును చూసింది. అది తనని చూసేదాకా ఆగింది. అది చూస్తున్నట్టే ఉంది కానీ చూడటం లేదు. పిల్ల కుడివైపుకు ఒంగింది, ఎడమవైపుకు ఒంగింది. తర్వాత చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి, వెదురు కర్రలూ, కట్టిన పురికొసలూ పరీక్షగా చూసి వచ్చింది. ఫణీంద్ర గారి స్టాప్‌వాచీ నడుస్తోంది. తాడు వెనక ఇందుమతి పళ్లు బిగించి నిలబడింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ కటౌటుకు చెప్పేసి పరిగెత్తితే యూకేజీ.

అప్పుడు కుందనకు మంచినీళ్ల డ్రమ్ము పక్కన మనిషి కనిపించారు. ఆయన పిల్లనే చూస్తున్నారు.

పిల్ల గీత దాటి, నేరుగా ఆయన దగ్గరికి నడిచింది. మూడడుగుల దూరంలో ఆగింది. ఎవరూ కొలవలేదు, సరిగ్గా అంతే.

"గుడ్ మార్నింగ్ సార్."

చెప్పి ఆగింది. దక్షిణామూర్తి గారు ఫణీంద్ర గారి వైపు చూశారు. తన ఏడడుగుల కటౌటు వీపు వైపు చూశారు. పిల్ల మళ్లీ చెప్పలేదు. ఈసారి వినపడిందని దానికి తెలుసు. ఆయన పెదాలు కదిలాయి. మొదటిసారి శబ్దం రాలేదు. రెండోసారి తుప్పు పట్టిన గడియ తీసినట్టు, "గుడ్... మార్నింగ్" అన్నారు.

కుందన ఇంకా కదల్లేదు. ఏదో తక్కువైంది. ఆయనకు సాయం చేద్దామని, "కుందన" అంది.

"గుడ్ మార్నింగ్ కుందనా," అన్నారాయన.

పిల్ల వెనక్కి తిరిగి క్లాసుకు వెళ్లిపోయింది. తాడు వెనక తల్లులెవరూ పెదవులు కదపలేదు కానీ, ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. ఫణీంద్ర గారు అట్టమీద అయిదు గళ్లలోనూ సున్నాలు వేసి, అడుగున 'స్వీకర్త కాని వ్యక్తికి వందనం' అని రాశారు.

మధ్యాహ్నం ఇందుమతి ఆఫీసు గదిలో నిలబడింది. కుందన ఆమె వేలు పట్టుకుని ఉంది. మళ్లీ ఎల్‌కేజీ అన్న కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. పొద్దున్న మీకే కదా సార్ చెప్పింది, మీరు జవాబు కూడా ఇచ్చారు కదా, అని ఆమె అడిగింది. సవరణ మీద సంతకం వారిదేనని ఫణీంద్ర గారు గుర్తుచేశారు. దాని ప్రకారం ఈ గదిలో ఉన్నవారు ప్రధానోపాధ్యాయులే గాని, వందన స్వీకర్త కారు. ఇంతలో కరస్పాండెంటు గారి ఫోను వచ్చి ఫణీంద్ర గారు వరండాలోకి వెళ్లారు.

దక్షిణామూర్తి గారు తలుపు వంక చూసి, గొంతు తగ్గించి, "ఉంచండమ్మా. ఒక్క ఏడాదేగా," అన్నారు. కుందన వంక చూసి, "రోజూ వస్తుంది కదా," అన్నారు.

ఇందుమతికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక జాలి కలిగింది, వెంటనే ఒళ్లు మండింది.

"మీ గుడ్ మార్నింగ్ కోసం మా అమ్మాయి ఏడాది పోగొట్టుకోవాలాండి?" అంది. "ఆ కాగితం మీద కాదని, స్వీకర్త మీరేనని రాయండి. రేపటి నుంచి పిల్లలంతా మీకే చెబుతారు."

ఆయన చెయ్యి ఎర్ర పెన్ను దాకా వెళ్లింది. వరండాలో ఫణీంద్ర గారు ఫోను పెట్టేసిన చప్పుడైంది. చెయ్యి ఆకుపచ్చ పెన్ను తీసి, చూపించిన చోట సంతకం చేసింది.

ఇందుమతి అక్కడికక్కడే టీసీ అడిగింది. ఫణీంద్ర గారు పది నిమిషాల్లో రాయించారు. బడి మానడానికి కారణం అన్న గడిలో తండ్రి బదిలీ అనో, స్థలం మార్పు అనో రాయడం రివాజు. ఆయన నిజాయితీపరుడు. 'పలకరించినచో తిరిగి పలకరింపు కోరుట' అని రాశారు. ప్రవర్తన గడిలో 'సంతృప్తికరం కాదు' అని రాశారు. హెడ్మాస్టరు గారు రెండింటి కిందా చదవకుండా సంతకం చేశారు.

ఇందుమతి కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, పద అంది. కుందన బల్ల అంచుకు గడ్డం ఆనించి, "వెళ్లొస్తాను సార్" అని చెప్పి, ఆగింది. పక్కనే ఫణీంద్ర గారు నిలబడి ఉన్నారు. దక్షిణామూర్తి గారు బల్ల మీద మిగిలిన ఎల్‌కేజీ కాగితంలో సంతకం చేసేసిన చోటే, సిరా ఆరిందో లేదో చూస్తున్నట్టుగా, తల వంచుకుని ఉన్నారు.

"అమ్మా, సార్ ఇంకా చెప్పలేదు," అంది కుందన.

ఇందుమతి పిల్లను లాగలేదు. తొందరపెట్టలేదు. పక్కనున్న కుర్చీ దగ్గరికి జరుపుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోడ గడియారం రెండు దాటింది. బడి మూసేది నాలుగింటికి.